పూనకమా? ఉన్మాదమా? నటనా?

నాంపల్లి స్టేషనులో రైలు దిగి బయటికొస్తే, నడిచి పోగలిగినంత దూరంలోనే యూసుఫైన్ దర్గా ఉంది. క్రిమినల్ కోర్టులూ ఆ పక్కనే. ఆబిడ్స్ వైపు వెళితే డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. ఇప్పుడు మీ ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుండి గొంతు మార్చి, తన పేరు తనది కాదన్నట్టు మాట్లాడిందనుకోండి. దర్గా దగ్గర అడిగితే గాలి సోకిందని ఎవరో ఒకరు చెబుతారు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే, తొందరలో ఉన్నవాడైతే, పిచ్చికి మందు రాసి పంపిస్తాడు. అదే మనిషి ఏ కేసులోనో ఇరుక్కుని కోర్టుకెళితే, ఎదుటి పక్షం ప్లీడరు లేచి ఇదంతా నాటకమంటాడు. మనిషి ఒకరే, లక్షణమూ ఒకటే, దానికి పేర్లు మాత్రం మూడు.

ఈ మూడింట్లో ఏది నిజమో తేల్చడం ఎలా? ఏదీ కాక నాలుగోదైతే దాన్ని గుర్తించడం ఎలా? ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

సినిమాలో చూసింది వేరు

ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురు ఉండడం అనగానే మనకి 2005లో వచ్చిన 'అపరిచితుడు', 'చంద్రముఖి' గుర్తొస్తాయి. కళ్లు ఎర్రబడతాయి, జుట్టు విరబోసుకుంటుంది, గొంతు మారుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు హడలిపోతారు. సినిమాకి అది అవసరమే. వైద్యుడి ఎదుట కనిపించేది మాత్రం చాలావరకు అలా ఉండదు. మాట మధ్యలో ఆగుతుంది, చూపు ఒక్క క్షణం ఎటో పోతుంది, రెండుసార్లు కనురెప్పలు కొట్టుకుంటాయి, తర్వాత మాట తీరు కొంచెం మారుతుంది. పక్కనే కూర్చున్న తల్లి కూడా దాన్ని గమనించకపోవచ్చు. ఈ జబ్బు ఉన్నవాళ్లు దాన్ని ప్రదర్శించుకోరు. ఏళ్ల తరబడి దాచుకుంటారు.

దీన్ని వైద్యులు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటారు. పూర్వం బహుళ వ్యక్తిత్వం అనేవారు. డిసోసియేషన్ అంటే విడిపోవడం. జ్ఞాపకం, అనుభూతి, 'ఇది నేను' అనే ఎరుక మామూలుగా ఒక తాడు పేటల్లా కలిసి ఉంటాయి. ఆ పేటలు విడివడితే దాన్ని డిసోసియేషన్ అంటాం. కొద్ది పాళ్లలో ఇది అందరికీ ఉంటుంది. బస్సులో ఏదో ఆలోచిస్తూ కూర్చుని, ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ఎప్పుడు దాటామో తెలియకపోవడం అలాంటిదే. అది జబ్బు కాదు. స్టాపు దాటిపోయిందని తెలుసుకుని దిగుతాం, అంతే. జబ్బులో పోయేది ఒక స్టాపు కాదు. పూటలూ, రోజులూ పోతాయి.

ఇంకొక పొరపాటు కూడా చాలామందిలో ఉంది. స్కిజోఫ్రీనియా అనే ఉన్మాదానికి, చీలిన మనసు అనే అర్థమొచ్చే గ్రీకు మాటలతో పేరు పెట్టారు. అంచేత అదీ ఇదీ ఒకటేనని అనుకుంటారు. రెండూ వేరు, చికిత్సలూ వేరు.

ఒక అమ్మాయి కథ

గుర్తు పట్టడానికి వీల్లేకుండా వివరాలన్నీ మార్చి ఒక కేసు చెబుతాను. అమ్మాయికి 24 ఏళ్లు. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పని. ఇల్లు నాంపల్లి దగ్గర. రెండుసార్లు ఆమె స్టేషను ప్లాట్‌ఫారం మీద కూర్చుని కనిపించింది. ఎందుకొచ్చిందో, ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లో ఒక్కోసారి మూలకి ముడుచుకుని చిన్నపిల్లలా మాట్లాడేది. ఒక్కోసారి ఎవరో పెద్దమనిషిలా కటువుగా అందర్నీ గదమాయించేది. దర్గాకి తీసుకెళ్లారు. ఒకచోట ఉన్మాదమని చెప్పి ఆరు నెలలు మందులిచ్చారు. నిద్రమత్తు, చేతుల బిగుతు, ఒళ్లు పెరగడం తప్ప మార్పేమీ లేదు. పెళ్లి సంబంధం వచ్చిన రోజుల్లోనే ఇది ఎక్కువైంది గనుక, ఇష్టంలేక నటిస్తోందని అన్నగారి అభిప్రాయం. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు.

తల్లి మాత్రం ఒక మాట అంది: "సారూ, బిడ్డ అబద్ధం ఆడతలేదు. అది చేసింది దానికే యాదికి లేదు."

ఆ తల్లికి తెలియకుండానే అసలు విషయం చెప్పింది. ఈ జబ్బుని నిర్ధారించడంలో గొంతు మారడం కంటే, పేరు మారడం కంటే ముఖ్యమైనది పోయిన కాలం.

ముందు శరీరం సంగతి

మనసు జోలికి పోయేముందు మెదడుని, రక్తాన్ని చూడాలి. కొన్ని రకాల మూర్ఛల్లో మనిషి కింద పడడు, కొట్టుకోడు. శూన్యంలోకి చూస్తూ పెదాలు చప్పరిస్తాడు, చేతులతో బట్టలు సవరించుకుంటాడు. అయితే అది సాధారణంగా ఒకటి రెండు నిమిషాలే ఉంటుంది. ఆ తర్వాత కాసేపు అయోమయంగా ఉంటాడు. గంటసేపు పొందికగా మాట్లాడడం, దుకాణానికి వెళ్లి బేరమాడడం మూర్ఛలో జరిగే పని కాదు. అనుమానముంటే ఈఈజీ తీయిస్తాం. ఒకసారి తీసిన ఈఈజీ బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేం. అవసరమైతే నిద్రలో కూడా తీయాలి.

తాగుడు వల్లా, నిద్రమాత్రల వల్లా కూడా కాలం పోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి చక్కెర పడిపోతే వింతగా ప్రవర్తించి తర్వాత గుర్తులేదంటారు. ఈ అమ్మాయికి చక్కెర, థైరాయిడ్, ఈఈజీ అన్నీ సరిగానే ఉన్నాయి. తాగుడు లేదు, నిద్రమాత్రలూ లేవు. తలకి దెబ్బ తగిలిన దాఖలా కూడా లేదు.

పోయిన కాలాన్ని రాసిపెట్టడం

తర్వాత చేసిన పనికి ఖర్చేమీ లేదు. తల్లికో నోటుపుస్తకం, కూతురికో నోటుపుస్తకం. నాలుగు వారాలు ఇద్దరూ విడివిడిగా రాయాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, తర్వాత ఎంతవరకు గుర్తుంది. ఒకరిది ఒకరు చూడకూడదు.

నెల తిరిగేసరికి ఏడు సందర్భాలు తేలాయి. అన్నిటికంటే చిన్నది పది నిమిషాలు, పెద్దది మూడున్నర గంటలు. ఏడింట్లో అయిదు, ఒక దగ్గరి బంధువు ఇంటికొచ్చిన రోజునో, ఫోను చేసిన రోజునో జరిగాయి. ఈ సంగతి తల్లీ గమనించలేదు, కూతురూ గమనించలేదు. పుస్తకాలు పక్కపక్కన పెడితే కనిపించింది.

ఇంకొకటి కూడా బయటపడింది. పండక్కి దుకాణం యజమాని ఆమెకి వెయ్యి రూపాయలు కవరులో పెట్టి ఇచ్చాడు. సాయంత్రం సంచీలో ఆ కవరు చూసుకుని, తానే గల్లాపెట్టెలోంచి తీశానేమోనని వణికిపోయింది. ఎవరికీ చెప్పకుండా మర్నాడు తిరిగి ఇవ్వబోతే, నిన్న చేతులు జోడించి తీసుకున్నావు కదమ్మా అన్నాడట ఆయన. ఆ పూట బిల్లుల లెక్క పైసాతో సహా సరిపోయింది. అంటే పని జరిగింది, చేసిన మనిషికి దాని జ్ఞాపకం లేదు.

ఈ జబ్బు నిర్ధారణకి రెండు విషయాలు కావాలి. ఒకటి, వేర్వేరు వ్యక్తుల్లా అనిపించే రెండు లేక అంతకంటే ఎక్కువ స్థితులు. రెండు, రోజువారీ జీవితంలోనే మళ్లీ మళ్లీ జ్ఞాపకం పోవడం. దానివల్ల బాధ కలగాలి, పనో సంసారమో చెడాలి. దీనికి 28 ప్రశ్నల పట్టిక ఒకటుంది. సున్నా నుంచి 100 వరకు మార్కులు. 30 దాటితే వివరంగా పరీక్షించాలని అర్థం, జబ్బు ఉందని అర్థం కాదు. ఆ పట్టిక జల్లెడ వంటిది. అసలు నిర్ధారణ గంటల తరబడి, ఒకటికి రెండుసార్లు కూర్చుని మాట్లాడడం వల్లనే జరుగుతుంది.

ఆ మాట్లాడడంలో వైద్యుడికి కూడా ఒక నియమం ఉంది. "నీలో ఎంతమంది ఉన్నారు? వాళ్ల పేర్లేమిటి?" అని అడగకూడదు. నలిగిపోయిన మనసు, ఎదుటివాడు ఎదురుచూసే జవాబుని తనకి తెలియకుండానే తయారుచేసి ఇవ్వగలదు. "నువ్వు కొన్నట్టు గుర్తులేని వస్తువులు ఎప్పుడైనా నీ దగ్గర కనిపించాయా?" అని అడగాలి. అక్కడితో ఆగి వినాలి.

ఉన్మాదం ఎందుకు కాదు?

ఆమెకి గొంతులు వినిపిస్తాయి. ఆరు నెలలు ఉన్మాదం మందులు రాయడానికి కారణం అదే. కాని గొంతులు వినిపించడం ఒక్కటీ చూసి ఉన్మాదమనడానికి లేదు. ఆ గొంతుల సంగతి అడగాలి. ఆమెకి అవి ఎనిమిదో తొమ్మిదో ఏట నుంచీ ఉన్నాయి. ఎక్కువగా తల లోపలే వినిపిస్తాయి. ఒకటి ఏడుస్తుంది, ఒకటి తిడుతుంది. "అవి బయట ఎవరూ మాట్లాడేవి కావని నాకు తెలుసు, చెబితే పిచ్చిదంటారని చెప్పలేదు" అంది.

స్కిజోఫ్రీనియాలో తరచు ఇలా ఉండదు. చాలామందికి అది ఇరవై, ముప్పై ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది. పక్కింటివాళ్లు గోడలోంచి తనమీద కుట్ర చేస్తున్నారని, ఎవరో తన తలలో ఆలోచనలు పెడుతున్నారని రోగి నమ్ముతాడు. కాదని ఎంత చెప్పినా ఆ నమ్మకం కదలదు. మాటల్లో పొందిక పోతుంది. నెలలు గడిచేకొద్దీ స్నానం, తిండి, పని, మనుషులతో కలవడం అన్నీ తగ్గుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నిన్న ఏం జరిగిందని అడిగితే అతను వివరంగా చెబుతాడు. చెప్పేదానికి అతనిచ్చే అర్థం వింతగా ఉంటుంది గాని, నిన్నటి రోజు అతని దగ్గర ఉంటుంది. ఈ అమ్మాయి దగ్గర ఆ రోజే లేదు. మిగతా వేళల్లో మాత్రం ఆమె మాట చక్కగా ఉంది, లెక్క తప్పదు, నలుగురితో కలుస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. డిసోసియేషన్‌లో కూడా కొందరికి గొంతులు బయటినుంచి వినిపిస్తాయి, కొందరికి రెండు జబ్బులూ కలిసి ఉంటాయి. అందుకే ఒక్క లక్షణం పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అలాగని వాడుతున్న మందుల్ని ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకూడదు. ఉన్నపళంగా ఆపితే కొత్త చిక్కులొస్తాయి. తగ్గించాలంటే డాక్టరే క్రమంగా తగ్గించాలి.

గాయం తాలూకు బాధ, పూనకం

చిన్నతనంలో ఆ అమ్మాయి మీద ఆ బంధువే చాలాకాలం అత్యాచారం చేశాడు. ఈ సంగతి మూడో నెలలో, మేము తవ్వి అడక్కుండానే, ఆమె నోటినుంచి వచ్చింది. అలాంటి గాయం తగిలిన వాళ్లందరికీ ఈ జబ్బు రాదు. చాలామందికి పీడకలలు, ఉలికిపాటు, ఆ సంఘటన మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు అనిపించడం, ఆ చోటికి పోలేకపోవడం ఉంటాయి. ప్రమాదంలోనో దాడిలోనో దెబ్బతిన్నవాళ్లలో కూడా ఇదే చూస్తాం. వాళ్లు ఏదైనా మరిచిపోతే ఆ సంఘటనలో కొంత భాగం మరిచిపోతారు. మొన్న మధ్యాహ్నం ఏ చీర కొన్నారో మరిచిపోరు. ఈ అమ్మాయికి పీడకలలూ ఉన్నాయి, దాంతోపాటు మామూలు రోజుల్లో కూడా కాలం పోతోంది. రెండోది ఉంది కాబట్టి గాయం తాలూకు బాధ అని మాత్రమే సరిపెట్టలేం.

ఇక పూనకం. ఆషాఢ మాసంలో బోనాలప్పుడు, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం నాడు భవిష్యవాణి చెప్పే ఆమెని లక్షలమంది చూస్తారు. అది జబ్బు కాదు. అది ఆచారంలో భాగం, దానికో వేళ ఉంది, అది అయిపోగానే మనిషి తన పనిలో పడుతుంది. వేళకాని వేళ, తనకి ఇష్టం లేకుండా, పనీ సంసారమూ చెడగొట్టేలా వస్తేనే వైద్యుడు దాన్ని జబ్బుగా లెక్కిస్తాడు. మన దేశంలో డిసోసియేషన్ చాలాసార్లు దేవతో దయ్యమో పట్టిన రూపంలోనే కనిపిస్తుంది. అందుకని దర్గాకో గుడికో వెళ్లి ధైర్యం తెచ్చుకునేవాళ్లని నేను వద్దనను. కట్టెయ్యడం, కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, మందులు మాన్పించడం మాత్రం కూడదు.

నటనని పట్టుకోవడం ఎలా?

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. లాస్ ఏంజెలస్‌లో వరస హత్యల కేసులో 1979లో దొరికిన కెన్నెత్ బియాంకీ, హత్యలు చేసింది తాను కాదని, తనలో ఉన్న స్టీవ్ అనేవాడని చెప్పాడు. కొందరు నిపుణులు నమ్మారు కూడా. మార్టిన్ ఓర్న్ అనే మానసిక వైద్యుడు మాటల్లో మాటగా, నిజంగా ఈ జబ్బు ఉంటే ఇద్దరితో ఆగదు, సాధారణంగా ఇంకొకరు కూడా ఉంటారు అన్నాడు. వెంటనే బిల్లీ అనే మూడోవాడు ప్రత్యక్షమయ్యాడు! పైగా స్టీవ్ వాకర్ అన్నది, బియాంకీ మోసం చేసి సర్టిఫికెట్లు సంపాదించిన ఒక నిజమైన విద్యార్థి పేరని పోలీసులు తేల్చారు. చివరికి అతను నేరం ఒప్పుకున్నాడు.

నటించేవాడి తీరు ఇందులోనే ఉంది. జబ్బు పేరు తానే ముందు చెబుతాడు. మార్పులు చూపించడానికి ఉత్సాహపడతాడు. చెడు పనులన్నీ 'ఆ రెండోవాడివి', మంచివి తనవి. మరిచిపోయేవి కూడా తనకి ఇబ్బంది తెచ్చేవే. చిక్కు రాకముందు ఎవరూ ఈ లక్షణాలు చూసి ఉండరు. మన అమ్మాయి దగ్గర అన్నీ తలకిందులు. సిగ్గుపడి దాచింది. వెయ్యి రూపాయల బహుమానాన్ని కూడా మరిచిపోయింది. బడిలో చదివే రోజుల్లోనే 'అప్పుడప్పుడు ఈ లోకంలో ఉండదు' అని టీచర్లు అన్నారని తల్లి చెప్పింది. పెళ్లి మాటకి ఇది ఎక్కువైన మాట నిజమే, కాని మొదలైంది పదిహేనేళ్ల ముందు. లాభమొకటి కనిపించినంత మాత్రాన నటన అని తేల్చకూడదు. పెళ్లి మాటలకి ఆ బంధువు రాకపోకలు పెరిగాయన్నది అన్నగారి లెక్కలోకి రాలేదు.

కోర్టు సంగతి కూడా ఒక మాట. మనసు సరిగా లేనివాడికి చట్టమిచ్చే మినహాయింపు పూర్వం శిక్షాస్మృతి 84వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌లో ఉంది. జబ్బు ఉందన్న సర్టిఫికెట్ ఒక్కటే దానికి చాలదు. నేరం చేసిన ఆ సమయంలో, తానేం చేస్తున్నాడో, అది తప్పో, చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే ప్రశ్న. అందుకే అలాంటివాళ్లని ఆసుపత్రిలో ఉంచి రోజుల తరబడి పరిశీలిస్తారు. డాక్టరు ఎదుట అరగంట నటించొచ్చు. రాత్రి డ్యూటీ నర్సు ఎదుట, తిండి దగ్గర, తోటి రోగులతో పేకాట దగ్గర ఇరవై నాలుగు గంటలూ నటించడం కష్టం.

చికిత్స, ఇంట్లోవాళ్ల పని

దీన్ని పోగొట్టే మాత్ర లేదు. దిగులుకీ నిద్రకీ మందులివ్వొచ్చు. అసలు చికిత్స మాటలతోనే, మూడు మెట్లుగా జరుగుతుంది. మొదట మనిషికి భద్రత. తర్వాత పాత గాయాన్ని తట్టుకోగలిగినంత మేరకే బయటికి తీయడం. ఆఖరున విడిపోయిన పేటల్ని మళ్లీ కలపడం. నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. ఆ అమ్మాయి విషయంలో మొదటి మెట్టు, ఆ బంధువు గడప తొక్కకుండా చేయడం. అన్నగారే ఆ బాధ్యత తీసుకున్నాడు. ఏడాది తర్వాత నెలకి ఏడుసార్లు పోయే కాలం ఒకటి రెండు సార్లకి తగ్గింది, అదీ నిమిషాల్లోకి. పూర్తిగా పోలేదు. ఉద్యోగం మాత్రం చేస్తోంది.

ఆత్మహత్యా ప్రయత్నాలు ఈ జబ్బులో చాలా ఎక్కువ. చనిపోవాలని ఉందన్నా, తెలియకుండా చేతులు కోసుకున్నట్టు కనిపించినా నోటుపుస్తకం నింపుతూ కూర్చోకండి. అదే రోజు ఉస్మానియాకో, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో తీసుకెళ్లండి. 14416కి ఫోను చేస్తే టెలీ మానస్‌లో రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. బాధపడుతున్నది 18 ఏళ్లలోపు పిల్ల అయి, అత్యాచారం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి. పరువు పేరుతో దాన్ని దాచకూడదు.

మార్పు వచ్చిన వేళ చేయవలసింది కొద్దిగానే ఉంది. దగ్గర కూర్చోండి. నెమ్మదిగా "ఇది మన ఇల్లు, ఈ రోజు మంగళవారం, నేను మీ అమ్మని" అని చెప్పండి. గిల్లి చూడడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, సెల్‌ఫోనులో తీసి చుట్టాలకి చూపించడం వద్దు. "నువ్వెవరు? ఎందుకు పట్టావు?" అని నిలదీయకండి. ఆ ప్రశ్న లేని మనిషిని కూడా పుట్టిస్తుంది. మనిషి తేరుకున్నాక మాత్రం "పొద్దుటి నుంచి నీకు ఎంతవరకు గుర్తుందమ్మా?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఆ కాగితం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సగం రోగనిర్ధారణ అందులోనే ఉంటుంది.